గేమ్ ఆఫ్ లైఫ్‌లో ఇంకో బోర్డు లేకుండా అప్‌డేట్: 2, 3 పెట్టుకున్నా తప్పు ఎందుకొస్తోంది?

ప్రశ్న: లీట్‌కోడ్ 289, గేమ్ ఆఫ్ లైఫ్ చేస్తున్నాను. కాపీ బోర్డు వాడకుండా అదే బోర్డులో మార్చాలి. బతికున్నది చచ్చిపోతే 2, చచ్చినది బతికితే 3 అని పెట్టుకున్నాను. పక్కగళ్ళను `& 1` తో లెక్కపెడుతున్నాను, చివర్లో అన్నిటికీ `% 2` చేస్తున్నాను. 2×2 ఉదాహరణ పాస్ అవుతోంది, 4×3 ఉదాహరణ ఫెయిల్. నిలువుగా మూడు ఒకట్లు పెట్టి చూస్తే బోర్డంతా సున్నాలైపోతోంది. రెండు రోజుల నుంచీ ఇదే టెన్షన్. అసలు ఈ అంకెలు ఎలా ఎంచుకోవాలి?

సమాధానం:

మీ 2, 3 అంకెల్లో తప్పేం లేదు, చివరి `% 2` కూడా సరైనదే. తప్పంతా మధ్యలో, పక్కగళ్ళను లెక్కపెట్టే `& 1` దగ్గరుంది. ఆ ఒక్కటీ మారిస్తే మీ కోడ్ ఇప్పుడే పాస్ అవుతుంది, కానీ ఎందుకో తెలియకుండా మారిస్తే రేపు ఇంకో అంకెలు పెట్టుకున్నప్పుడు మళ్ళీ ఇక్కడికే వస్తారు, అందుకని కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఆట నియమం ఇదీ: చుట్టూ ఉన్న ఎనిమిది పక్కగళ్ళలో రెండో మూడో బతికుంటేనే బతికున్న గడి మరుసటి తరానికి నిలుస్తుంది, సరిగ్గా మూడు బతికుంటే చచ్చిన గడి పుడుతుంది, మిగతా అన్ని సందర్భాల్లో చావే. మీ పద్ధతిలో ఒక గడిలో నాలుగు విలువలు ఉండొచ్చు. 0 అంటే చచ్చే ఉంది, అలాగే ఉంటుంది. 1 అంటే బతికే ఉంది, అలాగే ఉంటుంది. 2 అంటే బతికున్నది చావబోతోంది, 3 అంటే చచ్చినది పుట్టబోతోంది. ఇప్పుడు ఈ నాలుగింటికీ చివరి బిట్ చూడండి: 0, 1, 0, 1. ఈ బిట్ ఏం చెబుతోంది? గడి రేపు ఎలా ఉండబోతోందో చెబుతోంది. అంటే మీ అంకెల్లో చివరి బిట్ కొత్త స్థితి, అందుకే చివర్లో `% 2` చేస్తే సరైన జవాబు వస్తుంది. మరి పక్కగళ్ళను లెక్కపెట్టేటప్పుడు మనకు కావలసింది పాత స్థితి. అక్కడ కూడా అదే చివరి బిట్ చదివితే, అప్పటికే మార్చేసిన గడుల కొత్త స్థితి చేతికొస్తుంది. ఇంత కష్టపడి 2, 3 పెట్టుకుని కూడా, మీ కోడ్ అవేవీ లేకుండా నేరుగా 0, 1 రాసేసిన కోడ్ ఏం చేస్తుందో అక్షరాలా అదే చేస్తోంది. పాత సమాచారం గడిలో భద్రంగానే ఉంది, కానీ ఎవరూ దాన్ని అడగడం లేదు.

మీరు పెట్టిన నిలువు మూడు ఒకట్లనే తీసుకుందాం. దీన్ని బ్లింకర్ అంటారు, ఒక తరంలో నిలువు, మరుసటి తరంలో అడ్డం, మళ్ళీ నిలువు, అలా మారుతూ ఉంటుంది. 3×3 బోర్డు చాలు.

```
0 1 0        0 0 0
0 1 0   ->   1 1 1
0 1 0        0 0 0
```

మీ లూప్ పై వరస నుంచి కిందికి, ఎడమ నుంచి కుడికి నడుస్తుంది. (వరస, నిలువు) అని రాస్తాను, రెండూ 0 నుంచి మొదలు. (0,1) దగ్గరికి వచ్చేసరికి దానికి బతికున్న పక్కగడి ఒక్కటే, నడిమధ్యలో ఉన్నది. కాబట్టి అది చావాలి, మీరు 2 రాశారు. ఇంతవరకూ కరెక్టే. ఇప్పుడు (1,0) దగ్గరికి రండి. నిజానికి దాని పక్కన (0,1), (1,1), (2,1) మూడూ బతికున్నాయి, కాబట్టి అక్కడ కొత్తగా పుట్టాలి. కానీ (0,1) లో ఇప్పుడు 2 ఉంది, `2 & 1` అంటే 0. లెక్క రెండుకే ఆగిపోయింది, పుట్టాల్సిన గడి పుట్టలేదు. తర్వాత నడిమి గడి: పైది పోయిందని అనుకుంటోంది, కింద ఒక్కటే కనిపిస్తోంది, ఒక్కటే ఉంటే ఒంటరితనంతో చావాలి కాబట్టి అదీ పోయింది. దాని వల్ల (1,2) కి ఒక్కటే మిగిలింది. చివరికి (2,1) కి ఎవరూ లేరు, అదీ పోయింది. మొదట చదివిన ఒక్క తప్పు విలువ కింది దాకా పాకి బోర్డు మొత్తం ఖాళీ చేసింది. మీకు కనపడిన సున్నాలు ఇవే.

మరి 2×2 ఉదాహరణ ఎలా పాస్ అయింది? అందులో మూడు ఒకట్లు, కుడి కింద మూలలో ఒక సున్నా. బతికున్న మూడింటికీ ఒక్కోదానికి రెండేసి పక్కవి ఉన్నాయి, కాబట్టి అవి మారవు. మారే గడి ఒక్కటే, ఆ మూల గడి. అది లూప్‌లో అందరికంటే చివర వస్తుంది, దాన్ని మార్చాక చదివేవాళ్ళెవరూ లేరు. అందుకని తప్పు బయటపడలేదు. ఈ సమస్యకు ఆ ఉదాహరణ టెస్టుగా పనికిరాదు, పాస్ అయిందని ధైర్యం తెచ్చుకోకండి.

మీ అంకెలనే ఉంచుకుని సరిచేయాలంటే, లెక్కపెట్టే చోట 1 గానీ 2 గానీ ఉంటే బతికున్నట్టు తీసుకోండి:

```python
if board[x][y] in (1, 2):
    live += 1
```

చివరి `% 2` ని ముట్టుకోవద్దు. అంతే, పాస్ అవుతుంది.

ఇక్కడ మీకో విషయం చెప్పాలి, నాకు ఇది చాలా ఇష్టమైన సంగతి. మీరు ఎంచుకున్న ఈ పద్ధతి కంప్యూటర్లలో పుట్టింది కాదు. గణిత శాస్త్రవేత్త జాన్ కాన్వే కనిపెట్టిన ఈ ఆటను 1970 అక్టోబర్‌లో సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో మార్టిన్ గార్డ్‌నర్ తన శీర్షికలో పరిచయం చేశాడు. అప్పుడు ఇంట్లో కంప్యూటర్ ఎవరికుంది? పెద్ద గళ్ళ బోర్డు, రెండు రంగుల బిళ్ళలు పెట్టుకుని చేత్తో ఆడాలి. గార్డ్‌నర్ చెప్పిన విధానం ఇది: బతికున్నవన్నీ నల్ల బిళ్ళలు. చావబోయే ప్రతి దాని మీదా ఇంకో నల్ల బిళ్ళ పెట్టాలి. పుట్టబోయే ఖాళీ గడిలో తెల్ల బిళ్ళ పెట్టాలి. బోర్డంతా ఒకటికి రెండుసార్లు సరిచూసుకున్నాక, జంటగా ఉన్న బిళ్ళలు తీసేయాలి, తెల్లవాటి స్థానంలో నల్లవి పెట్టాలి. అయిపోయింది, ఒక తరం పూర్తి.

మీ 2 అంటే ఆ జంట బిళ్ళ. మీ 3 అంటే ఆ తెల్ల బిళ్ళ. చివర జంటలు తీసేసి తెల్లవాటిని నల్లగా మార్చడమే మీ `% 2`. ఆ బోర్డు ముందు కూర్చున్న మనిషి పక్కగళ్ళను ఎలా లెక్కపెడతాడో ఆలోచించండి: జంటగా ఉన్నా అది ఇంకా చావలేదు కాబట్టి ఒకటిగా లెక్క, తెల్లది ఇంకా పుట్టలేదు కాబట్టి లెక్కలోకి రాదు. మనిషికి ఇది కళ్ళకు కనపడుతుంది, చెప్పక్కర్లేదు. కోడ్‌కు మాత్రం మనమే రాసివ్వాలి, మీరు రాయనిది ఆ ఒక్క ముక్కే. మా ఇంట్లో పిల్లలకు ఇది చూపించడానికి నేను నేల మీద సుద్దముక్కతో 5×5 గళ్ళు గీసి చింతపిక్కలూ గవ్వలూ వాడాను. పిక్క అంటే బతికున్నది, పిక్క మీద పిక్క పెడితే పోయేది, గవ్వ అంటే రాబోయేది. పదిహేను నిమిషాల్లో పట్టేశారు. మీరూ ఒక్కసారి పేపర్ మీద చేసి చూడండి, కోడ్ ఎంతసేపు చూసినా రాని స్పష్టత వస్తుంది.

ఇక మీ అసలు ప్రశ్న, అంకెలు ఎలా ఎంచుకోవాలి అన్నది. అంకెల గురించి ముందు ఆలోచించకండి. ముందు రెండు ప్రశ్నలు రాసుకోండి: ఒక విలువ ఇస్తే పాత స్థితి ఎలా తెలుస్తుంది, కొత్త స్థితి ఎలా తెలుస్తుంది? ఈ రెండింటికీ రెండు చిన్న ఫంక్షన్లు రాయగలిగితే ఏ అంకెలైనా పనిచేస్తాయి, -1 పెట్టినా, 7 పెట్టినా. ఒక్క షరతు మాత్రం తప్పదు. లూప్ ఇంకా చేరని గడులు 0 గానో 1 గానో అలాగే ఉంటాయి కదా, వాటిని కూడా అదే ఫంక్షన్‌తో చదువుతాం. కాబట్టి 0 కి పాత స్థితి 0, 1 కి పాత స్థితి 1 రావాల్సిందే.

ఈ రెండు ప్రశ్నలకూ అతి తేలికగా జవాబు రావాలనుకుంటే బిట్లను పంచేయండి. చివరి బిట్ పాత స్థితికి, దాని ఎడమ పక్క బిట్ కొత్త స్థితికి. పాతది కావాలంటే `v & 1`, కొత్తది కావాలంటే `v >> 1`. మీరు `& 1` వాడింది ఎక్కడో ఈ పద్ధతిలో చూసి ఉంటారని నా అనుమానం, అంకెలు ఒక పద్ధతివి, చదవడం ఇంకో పద్ధతిది అయింది. ఇందులో 1 అంటే బతికుంది, రేపు ఉండదు. 2 అంటే చచ్చి ఉంది, రేపు పుడుతుంది. 3 అంటే బతికుంది, రేపూ ఉంటుంది. మీ పట్టికలోని 2 కీ దీంట్లోని 2 కీ అర్థం పూర్తిగా తిరగబడిందని గమనించండి.

```python
def gameOfLife(board):
    m, n = len(board), len(board[0])
    for i in range(m):
        for j in range(n):
            live = 0
            for x in range(max(0, i-1), min(m, i+2)):
                for y in range(max(0, j-1), min(n, j+2)):
                    live += board[x][y] & 1
            live -= board[i][j] & 1
            if live == 3 or (live == 2 and board[i][j] & 1):
                board[i][j] |= 2
    for i in range(m):
        for j in range(n):
            board[i][j] >>= 1
```

లోపలి రెండు లూపులు గడిని కూడా కలిపి తొమ్మిదింటినీ లెక్కపెడతాయి, తర్వాత గడి తన సొంత వంతును తీసేస్తాం. `max`, `min` ఎందుకంటే పైథాన్‌లో `board[-1]` అంటే ఎర్రర్ రాదు, చప్పుడు చేయకుండా చివరి వరస ఇచ్చేస్తుంది. కొందరు `try` పెట్టి `IndexError` పట్టుకుంటారు, అప్పుడు కింద, కుడి అంచులు సరిగ్గా ఉంటాయి, పై, ఎడమ అంచులు మాత్రం అవతలి వైపుకు చుట్టుకుపోతాయి. అది పట్టుకోవడం చాలా కష్టం.

అదే బ్లింకర్ మీద దీన్ని నడిపిద్దాం. (0,1) చావాలి, కాబట్టి ఏమీ రాయం, 1 గానే ఉంటుంది. (1,0) కి వస్తే పైన 1, పక్కన 1, కింద 1, మొత్తం మూడు, పుట్టాలి, `|= 2` తో 2 అయింది. నడిమి గడికి పైన 1, ఎడమ పక్కన 2 ఉంది కానీ `2 & 1` సున్నా, అంటే ఇంకా పుట్టలేదు, కింద 1. మొత్తం రెండు, తను బతికే ఉంది, కాబట్టి 3 అయింది. (1,2) కి పైన 1, పక్కన 3 ఉంది, `3 & 1` ఒకటి, కింద 1, మొత్తం మూడు, పుట్టాలి, 2. కింది వరసలో మూలలకు రెండేసి వస్తాయి, పుట్టవు. మధ్యదానికి ఒక్కటే వస్తుంది, చస్తుంది. మొదటి పాస్ అయ్యాక బోర్డు ఇలా ఉంటుంది, పక్కన `>>= 1` తర్వాతిది:

```
0 1 0        0 0 0
2 3 2   ->   1 1 1
0 1 0        0 0 0
```

ఎడమ బొమ్మను కాసేపు చూడండి. అందులో చివరి బిట్లు మాత్రమే చదివితే పాత నిలువు గీత చెక్కుచెదరకుండా ఉంది. పై బిట్లు మాత్రమే చదివితే కొత్త అడ్డగీత ఉంది. ఇంకో బోర్డు వాడలేదు అంటాం కానీ, నిజానికి ఉంది, ప్రతి గడిలోనూ ఖాళీగా పడున్న రెండో బిట్‌లో కూర్చుంది. లూప్ నడుస్తున్నంతసేపూ చివరి బిట్‌ను ఎవరూ మార్చరు కాబట్టి, ఏ వరుసలో నడిచినా ఒకటే జవాబు రావాలి. ఇది మంచి పరీక్ష కూడా: `for i in range(m)` ని `for i in reversed(range(m))` అని మార్చి నడపండి. జవాబు మారిందంటే ఎక్కడో కొత్త విలువ చదువుతున్నారని అర్థం.

రెండు పద్ధతులకూ ఒక తేడా ఉంది, దీన్ని పట్టించుకోక దెబ్బతిన్నవాళ్ళు చాలామంది. మీ పద్ధతిలో మారే గడినే ముట్టుకుంటారు, ఏమీ రాయకపోతే ఉన్నది ఉన్నట్టు. బిట్ల పద్ధతిలో ఏమీ రాయకపోతే చావే. బతికుండి అలాగే కొనసాగే గడికి కూడా 2 కలిపి తీరాలి. నాతో పనిచేసిన ఒకబ్బాయి వేగం కోసమని, రెండు పక్కవి ఉంటే మార్పు ఉండదు కదా అని అక్కడ `continue` పెట్టేశాడు. మీ అంకెలతో అయితే అది నూటికి నూరుపాళ్ళు కరెక్ట్. బిట్లతో మాత్రం రెండు పక్కవి ఉన్న ప్రతి బతికున్న గడీ మాయమైపోయింది, సాయంత్రం దాకా కూర్చుని వెతికాం.

ఇప్పుడు తప్పు ఎక్కడుందో బ్లింకర్ చూసే చెప్పే ఉపాయం ఇస్తాను. ఇవన్నీ నేను పేపర్ మీద గడిగడికీ లెక్కవేసినవి, మీరూ వేసి చూసుకోవచ్చు. నిలువు బ్లింకర్ ఇచ్చి ఒక తరం నడిపితే అడ్డగీత రావాలి. రాకుండా ఎడమవీ మధ్యవీ రెండే వచ్చి కుడి చెయ్యి లేకపోతే, బిట్ల పద్ధతిలో `& 1` బదులు `== 1` అని లెక్కపెడుతున్నారు. నడిమి గడి 3 అయిపోయింది, (1,2) దాన్ని బతికున్నదిగా గుర్తించలేదు, అందుకని పుట్టలేదు. అలా కాకుండా రెండు చేతులూ వచ్చి మధ్యలో చిల్లు పడితే, అసలు `& 1` లేకుండా విలువలనే నేరుగా కూడుతున్నారు. (1,0) లోని 2 ని రెండుగా కూడేసరికి నడిమి గడికి నాలుగు పక్కవి ఉన్నట్టు లెక్క తేలి, రద్దీతో చచ్చింది.

బోర్డంతా ఖాళీ అయితే కారణాలు ఒకటికి మించి ఉంటాయి. మీకు జరిగింది ఒకటి. ఇంకోటి ఆపరేటర్ల ప్రాధాన్యం. `live += board[x][y] & 1` అని రాస్తే పరవాలేదు, కానీ `live = live + board[x][y] & 1` అని విడదీసి రాస్తే `+` ముందు జరుగుతుంది, ఆ తర్వాత మొత్తానికి `& 1` పడుతుంది. లెక్క ఎప్పటికీ 0, 1 దాటదు, అందరూ చస్తారు. పైథాన్, సీ, జావా అన్నిట్లోనూ ఇదే తంతు. సీ, సీ++ లో అయితే `board[x][y] & 1 == 0` అన్నది కూడా ప్రమాదమే, అక్కడ `==` ముందు జరుగుతుంది, `1 == 0` అబద్ధం, దానితో `&` చేస్తే ఎప్పుడూ సున్నా. పైథాన్‌లో ఇది మామూలుగానే పనిచేస్తుంది, కాబట్టి ఒక భాష నుంచి ఇంకోదానికి కోడ్ మార్చేటప్పుడు బ్రాకెట్లు పెట్టేసుకోండి. మూడో కారణం సీ++ లో బోర్డును `bool` గా పెట్టుకోవడం. అందులో 2 పట్టదు, `true` అయిపోతుంది, చివర్లో `>> 1` చేస్తే అన్నీ సున్నాలే. ఈ మూడింటిలో ఏదో తెలియాలంటే రెండో పాస్‌కు ముందు బోర్డు ప్రింట్ చేయండి. ఇచ్చింది ఇచ్చినట్టే ఉంటే లెక్క తప్పు, ప్రాధాన్యం చూసుకోండి. పుట్టాల్సిన చోట 2 బదులు 1 ఉంటే టైప్ తప్పు. పైన చూపించిన 0, 1, 2, 3 బొమ్మ వచ్చి కూడా చివర తప్పితే, రెండో పాస్ తప్పు.

చాలా తరాలు నడిపేవాళ్ళకు ఒక మాట. ప్రతి తరానికీ `>>= 1` కోసం బోర్డంతా ఇంకోసారి తిరగడం ఎందుకని, సరి తరాల్లో చివరి బిట్ చదివి పై బిట్‌లో రాయడం, బేసి తరాల్లో పై బిట్ చదివి చివరి బిట్‌లో రాయడం చేస్తారు. మంచి ఆలోచనే, రెండో పాస్ చేసే పని తప్పుతుంది. కానీ అప్పుడు `|=` ఒక్కటే సరిపోదు. రాయబోయే బిట్‌లో రెండు తరాల కిందటి పాత సరుకు ఉంటుంది, ముందు దాన్ని తుడిచి ఆ తర్వాత రాయాలి. తుడవకపోతే రెండు తరాల కింద చచ్చిన గడి మళ్ళీ లేచి కూర్చుంటుంది.

ఇక్కడే బ్లింకర్ మోసం చేస్తుంది. దాని చక్రం సరిగ్గా రెండు తరాలు కదా, రెండు తరాల కిందటి బొమ్మా, ఇప్పుడు రాబోయే బొమ్మా ఒకటే. పాతది తుడవకుండా దాని మీదే రాసినా తేడా కనపడదు, వంద తరాలు నడిపినా పాసే. నేను ఈ తప్పు చేసి బ్లింకర్ బాగానే ఉందని నమ్మి వదిలేశాను, పెద్ద బోర్డు మీద బొమ్మ ఉబ్బిపోతుంటే గానీ తెలియలేదు. కాబట్టి తరాలు నడిపే కోడ్‌ను గ్లైడర్‌తో పరీక్షించండి. మీ ఫెయిలైన 4×3 ఉదాహరణలో పై మూడు వరసలే గ్లైడర్:

```
0 1 0
0 0 1
1 1 1
```

దీన్ని 8×8 బోర్డులో ఎడమ పై మూలకు దగ్గరగా పెట్టి నాలుగు తరాలు నడపండి. అదే ఆకారం, ఐదే గడులు, ఒక గడి కిందికి, ఒక గడి కుడికి జరిగి కనపడాలి. వెనకాల తోకలాగా ఏమైనా మిగిలితే బిట్ తుడవలేదన్నమాట. ఇంకా నడుపుతూ పోతే కుడి కింద మూలకు చేరి 2×2 చదరంగా ఆగిపోతుంది, అది తప్పు కాదు, అంచు అవతల అన్నీ చచ్చినవే అని ఈ సమస్యలో అనుకున్నాం కాబట్టి అంతే. అంచులే లేని బోర్డు కావాలంటే దారి వేరు, బతికున్న గడుల స్థానాలను మాత్రమే ఒక సెట్‌లో పెట్టుకోవాలి, అక్కడ ఈ బిట్ల గొడవే ఉండదు.

రెండుకు మించి స్థితులున్న ఆటలు ఉన్నాయి. ఉదాహరణకు వైర్‌వరల్డ్‌లో నాలుగు: ఖాళీ, తీగ, ఎలక్ట్రాన్ తల, ఎలక్ట్రాన్ తోక. అప్పుడు కూడా ఇదే లెక్క, స్థితులు `k` అయితే:

```python
v = new * k + old
old = v % k
new = v // k
```

`k` రెండైతే ఇది పైన రాసిన `& 1`, `>> 1` అవుతుంది, నాలుగైతే గడికి నాలుగు బిట్లు చాలు, ఒక బైట్‌లో హాయిగా పడుతుంది. ఒక్క జాగ్రత్త, మొదటి పాస్‌లో గడి తన సొంత స్థితిని కూడా `% k` తోనే చదవాలి. ఒకవేళ అదే గడిని రెండుసార్లు ముట్టుకునేలా లూప్ ఉంటే `+=` తో కలిపితే కొత్త స్థితి రెండుసార్లు చేరిపోతుంది, `|= 2` కి ఆ ఇబ్బంది లేదు.

ఇంటర్వ్యూలో ఇంకో బోర్డు వద్దంటే ఇది రాయండి. పనిలో మాత్రం నేను దీన్ని ఎప్పుడూ వాడను అని కాదు గానీ, మొదట రెండు బోర్డులు పెట్టుకుని ప్రతి తరానికీ వాటిని తారుమారు చేయడమే రాస్తాను. కారణం, గడిలో 2, 3 ఉన్నంతసేపూ ఆ బోర్డు ఇంకెవరికీ పనికిరాదు. తెర మీద గీసే కోడ్ గానీ, ఇంకో థ్రెడ్ గానీ మధ్యలో తొంగిచూస్తే సగం పాతది, సగం రెండూ కలిసినది కనపడుతుంది. లీట్‌కోడ్‌లో ఒక్కో వైపు 25 గడులు దాటవు, అంత చిన్నదానికి కాపీ చేసినా ఖర్చేం లేదు. ఇంకోటి, ఒక్కో గడికి ఒక్క బిట్ మాత్రమే ఇచ్చి బిగించి దాచిన బోర్డు అయితే రెండో బిట్‌కు చోటే ఉండదు, అక్కడ ఈ ఉపాయం కుదరదు. అప్పుడు పై వరస పాత ప్రతి ఒకటి, ఇప్పటి వరస పాత ప్రతి ఒకటి, ఈ రెండూ పక్కన ఉంచుకుని కిందికి జరిగితే సరిపోతుంది, ఎందుకంటే కింది వరసను ఇంకా ఎవరూ ముట్టుకోలేదు. దాంట్లోనూ ప్రశ్న ఇదే: చదువుతున్నది పాతదా, కొత్తదా.

మీ కోడ్‌లో ఆ ఒక్క లైను మార్చి, ముందు నిలువు బ్లింకర్, తర్వాత ఫెయిలైన 4×3 నడపండి. దానికి రావాల్సింది ఇది:

```
0 0 0
1 0 1
0 1 1
0 1 0
```

ఇది కాకుండా ఇంకేమైనా వస్తే రెండో పాస్‌కు ముందున్న బోర్డును ప్రింట్ చేసి ఇక్కడ పెట్టండి, చూస్తాను.